ఫోన్ కంటే ముందు నోట్‌బుక్: చాట్‌బాట్‌తో చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక లెక్కల టీచరు చెప్పిన మాటలు

మొన్న శనివారం మా బడిలో పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల మీటింగ్ జరిగింది. లెక్కల టీచరుగా నాకు అరగంట ఇచ్చారు. గంటన్నర పట్టింది. పనులు మానుకోలేక రాలేకపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం, ఆ రోజు నేను చెప్పినవీ, వచ్చినవాళ్ళు అడిగినవీ కలిపి రాస్తున్నాను.

అసలు ఈ మాట ఎందుకు ఎత్తానంటే, వర్గ సమీకరణాల పాఠం అయిపోయాక ఇంటి పనిగా కొన్ని లెక్కలు ఇచ్చాను. మర్నాడు నోట్‌బుక్‌లు తెరిస్తే దాదాపు అందరివీ కరెక్టే. చక్కగా వరుసలు, కింద గీత, గీత కింద జవాబు. నాకూ సంతోషమేసింది, దాచుకోవడం ఎందుకు. మూడు రోజులాగి అవే లెక్కలు అంకెలు మార్చి స్లిప్ టెస్ట్ పెట్టాను. క్లాసులో సగం మంది మొదటి వరుస దాటలేదు. ఒక బాబును పిలిచి, వాడి నోట్‌బుక్‌లోనే వాడు రాసిన లెక్క చూపించి, "ఇక్కడ x అంటే ఏంటి నాన్నా?" అని అడిగాను. "లెక్కలో ఉంది మేడం" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగా వాడికి తెలిసింది అంతే.

గైడు చూసి ఎక్కించడం మనకు కొత్త కాదు. కానీ గైడు చూసి రాస్తే క్లాసంతా ఒకే మాటలు ఉంటాయి, పట్టుకోవడం సులువు. చాట్‌బాట్ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా రాసిస్తుంది. పైగా గైడులో లేని లెక్క ఇచ్చినా చేసిపెడుతుంది. అందుకే నోట్‌బుక్ చూసి నేనూ మోసపోయాను, మీరూ మోసపోతున్నారు.

ఇది మా ఊరికి మాత్రమే వచ్చిన జబ్బు కాదు. టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో, ఇదే లెక్కల సబ్జెక్టులో, ఒక ప్రయోగం చేశారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని ఫలితాలను 2024లో బయటపెట్టారు. ఒక గుంపుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో గుంపుకు జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా కట్టుబాట్లు పెట్టిన చాట్‌బాట్ ఇచ్చారు. మూడో గుంపుకు పుస్తకాలే. మామూలు చాట్‌బాట్ ఉన్న పిల్లలు అభ్యాసం చేసేటప్పుడు పుస్తకాల పిల్లల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది తీసేసి పరీక్ష పెడితే, వాళ్ళే పుస్తకాల పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల చాట్‌బాట్ వాడినవాళ్ళకు ఆ నష్టం దాదాపు కనిపించలేదు. ఇంకో సంగతి, నన్ను ఆలోచనలో పడేసినది: వెనకబడిన పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతి తెలియలేదు. మీ పాప "నాకు వచ్చమ్మా" అంటే, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటుంది.

"అసలు ఫోనే ఇవ్వకపోతే పోలా మేడం?" అని ఒక నాన్నగారు అడిగారు. ఇవ్వకుండా ఉండగలిగితే ఉండండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మీలో చాలామంది ఫోన్లలో, వాట్సాప్ తెరిస్తే కనిపించే ఆ రంగుల గుండ్రటి గుర్తు చాట్‌బాటే. అది మీరు వేసుకున్నది కాదు, దానంతటదే వచ్చి కూర్చుంది. మీరు స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో ఎనిమిది లెక్కలు అయిపోతాయి. కాబట్టి వాడే పద్ధతి నేర్పడమే నాకు తోచిన దారి.

మొదట: పావుగంట ఫోన్ లేకుండా

లెక్క చదివిన వెంటనే ఫోన్ పట్టుకోకూడదు. పావుగంట నోట్‌బుక్‌తోనే కూర్చోవాలి. ఈ పావుగంటలో లెక్క పూర్తి కావాలని నేను అనడం లేదు. మూడు సంగతులు కాగితం మీదకు రావాలి: లెక్కలో ఏం ఇచ్చారు, ఏం కనుక్కోమన్నారు, నేను ఎక్కడ ఇరుక్కున్నాను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. దాన్ని పూర్తి వాక్యంగా రాయించండి. "నాకు ఈ లెక్క రాదు" అని రాస్తే ఒప్పుకోవద్దు. "సమీకరణం రాశాను కానీ జవాబు రుణసంఖ్య వస్తోంది" అన్నా, "రెండో వేగాన్ని ఎలా రాయాలో తెలియడం లేదు" అన్నా సరే. ఆ వాక్యం రాయగలిగినవాడు సగం లెక్క చేసినట్టే. ఎక్కడ ఇరుక్కున్నాడో వాడికే తెలియకపోతే చాట్‌బాట్‌ను ఏమడుగుతాడు? మొత్తం చేసిపెట్టమంటాడు.

పావుగంట తర్వాత కూడా కాగితం ఖాళీగా ఉంటే ఏం చేయాలని అడిగారు. అప్పుడు ఫోన్ కాదు, పాఠ్యపుస్తకం. అదే అధ్యాయంలో చేసి చూపించిన ఉదాహరణలు ఉంటాయి. అలాంటి లెక్క ఒకటి చూసి, పుస్తకం మూసి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఏమీ రాయని పిల్లవాడికి చాట్‌బాట్ సూచన ఇచ్చినా అది తలకెక్కదు.

తర్వాత: చాట్‌బాట్‌కు ముందే కట్టుబాటు పెట్టడం

చాట్‌బాట్ అలవాటు ఏమిటంటే, అడిగినదానికి మొత్తం జవాబు ఇచ్చేయడం. దాన్ని తయారుచేసిందే అందుకు. ఆపాలంటే ముందే చెప్పాలి. కొన్నిటిలో ఇందుకోసం విడిగా ఒక పద్ధతి ఉంది. చాట్‌జీపీటీలో 2025 జూలై నుంచి `Study mode` అని, జెమినిలో 2025 ఆగస్టు నుంచి `Guided Learning` అని ఇచ్చారు. అవి ఆన్ చేస్తే జవాబు నేరుగా ఇవ్వకుండా ప్రశ్నలు అడుగుతూ నడిపిస్తాయి. అయితే పిల్లవాడు ఒక్క నొక్కు నొక్కి వాటిని ఆపేసుకోవచ్చు. అందుకని అవి ఉన్నా లేకపోయినా, ఏ చాట్‌బాట్ అయినా, మొదట ఈ నాలుగు వరుసలు టైప్ చేయించండి. మీటింగ్‌లో ఇదే చీటీ రాసి అందరికీ ఇచ్చాను.

```
నేను పదో తరగతి. జవాబు చెప్పకు, లెక్క మొత్తం చేసి చూపించకు.
నేను చేసినంతవరకు రాస్తాను. తప్పు ఏ వరుసలో ఉందో మాత్రమే చెప్పు.
ఒకసారికి ఒక్క ప్రశ్న అడిగి, నేను జవాబిచ్చేదాకా ఆగు.
నేను బతిమాలినా పూర్తి జవాబు ఇవ్వకు.
```

చివరి వరుస చదివినప్పుడు అందరూ నవ్వారు. కానీ అది ఊరికే పెట్టలేదు. రెండు సూచనల తర్వాత పిల్లలకు విసుగొస్తుంది, "చెప్పేయ్ బాబూ, టైమ్ లేదు" అని టైప్ చేస్తారు. చాలాసార్లు అది చెప్పేస్తుంది. ఈ వరుస ఉన్నా మూడుసార్లు బతిమాలితే లొంగిపోవచ్చు. కాబట్టి దీన్ని తాళం అనుకోకండి, దగ్గరకు వేసిన తలుపు అనుకోండి. ఇంకో సంగతి: కొత్త చాట్ తెరిస్తే ఈ నాలుగు వరుసలూ మళ్ళీ రాయాలి. పాత చాట్‌లో చెప్పిన మాట కొత్తదానికి అందుతుందన్న నమ్మకం లేదు.

ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఇదే ఇంగ్లీషులో రాసుకోవచ్చు. తెలుగు మీడియం పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. వాటి తెలుగు బాగానే ఉంటుంది కానీ లెక్కల మాటలు ఒక్కోసారి మన పుస్తకంలో మాటలు కావు. ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో వర్గ సమీకరణానికి "చతుర్భుజ సమీకరణం" అని ఉంది. ఇంగ్లీషు మాటను ఎవరో తెలుగులోకి మక్కీకి మక్కీ దించిన పని అది. ఆ ఒక్క మాటతోనే అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమైపోయింది. పుస్తకంలో లేని మాట కనిపిస్తే పుస్తకంలో మాటనే రాయమనండి.

ఒక లెక్క మొదటినుంచి చివరిదాకా

ఆ రోజు బోర్డు మీద ఒక లెక్క చేసి చూపించాను. లెక్కలు మర్చిపోయినవాళ్ళు కూడా ఒక్కసారి నెమ్మదిగా చదవండి, కష్టమేమీ లేదు.

ఒక బస్సు 300 కిలోమీటర్ల దూరం ఒకే వేగంతో వెళ్ళింది. వేగం గంటకు 10 కిలోమీటర్లు ఎక్కువై ఉంటే ఒక గంట ముందే చేరేది. బస్సు వేగమెంత?

మా క్లాసులో ఒక బాబు (పేరెందుకులెండి) ఫోన్ లేకుండా చేసినంత ఇది. బస్సు వేగం x అనుకున్నాడు. పట్టే కాలం 300/x. వేగం పెరిగితే x+10, అప్పుడు కాలం 300/(x+10). ఇక్కడిదాకా బంగారం. తేడా ఒక గంట కదా అని ఇలా రాశాడు:

300/(x+10) − 300/x = 1

దీన్ని విప్పితే x² + 10x + 3000 = 0 వచ్చింది. విచక్షణి లెక్కకట్టాడు: 100 − 12000, అంటే −11900. విచక్షణి రుణసంఖ్య అయితే వాస్తవ మూలాలు ఉండవని పాఠంలో చదివాడు. నోట్‌బుక్‌లో కింద రాసుకున్న వాక్యం ఇది: "మూలాలు లేవని వస్తోంది. మరి బస్సు ఎట్లా నడిచింది?" ఆ వాక్యం చదివి నాకు ముద్దొచ్చింది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటి దారి: లెక్కను ఫోటో తీసి పంపడం. పది సెకన్లలో మొత్తం సాధన వస్తుంది. వాడు తన వరుసలు కొట్టేసి అది ఎక్కించుకుంటాడు. జవాబు కరెక్టే. కానీ తన వరుసలో తప్పేమిటో వాడికి ఎప్పటికీ తెలియదు. పరీక్షలో పడవ లెక్క వచ్చినా, రైలు లెక్క వచ్చినా అదే తప్పు మళ్ళీ చేస్తాడు.

రెండో దారి: తన వరుసలన్నీ, తన వాక్యంతో సహా, టైప్ చేసి పంపడం. నాలుగు వరుసల కట్టుబాటు పెట్టి ఉంటే, మంచి సూచన ఎలా ఉండాలో చెప్తాను. రెండు కాలాల్లో ఏది పెద్దదో ఆలోచించమని అడగాలి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అక్కర్లేదు. నెమ్మదిగా వెళ్ళిన బస్సుకు ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి 300/x పెద్దది, 300/(x+10) చిన్నది. చిన్నదానిలోంచి పెద్దది తీసేస్తే ఒక గంట ఎలా మిగులుతుంది? వాడికి అక్కడే వెలిగింది. తిప్పి రాశాడు:

300/x − 300/(x+10) = 1

ఈసారి x² + 10x − 3000 = 0. కారణాంకాలు (x + 60)(x − 50). కాబట్టి x = 50 లేదా −60. వేగం రుణసంఖ్య కాదు, 50 తీసుకోవాలి. ఇక సరిచూసుకోవడం: 300 కిలోమీటర్లు 50 వేగంతో 6 గంటలు, 60 వేగంతో 5 గంటలు. తేడా గంట. సరిపోయింది.

రెండో దారిలో పావుగంట ఎక్కువ పట్టింది. కానీ "విచక్షణి రుణసంఖ్య వస్తే, తీసివేత తిరగబడిందేమో చూసుకో" అన్న కిటుకు వాడికి ఇక జీవితాంతం ఉంటుంది. అది ఏ గైడులోనూ రాసి ఉండదు. తప్పు చేసినవాడికే దొరుకుతుంది.

ఫోటోల గురించి ఇక్కడే ఒక మాట. టైప్ చేయడం బద్ధకమై ఫోటో పెడతామంటే, లెక్క కాదు, తాము చేసిన పేజీ ఫోటో పెట్టమనండి. పెట్టాక అది సరిగ్గా చదివిందో లేదో చూసుకోవాలి. చేతిరాతలో తీసివేత గుర్తు మాయమవుతుంది, x²లో పైనున్న 2 కిందికి దిగుతుంది, భిన్నంలో గీత ఎక్కడిదాకా ఉందో తెలియదు. వేరే లెక్కకు చక్కగా సూచనలు ఇస్తూ కూర్చుంటుంది. మన పిల్లవాడు తనదే తప్పనుకుని బుర్ర గోక్కుంటాడు. పేజీ మీద పేరు, బడి పేరు, హాల్‌టికెట్ నంబరు ఉంటే అవి ఫోటోలో పడకుండా చూడండి.

అది చెప్పిందల్లా నిజమని నమ్మకుండా

చాట్‌బాట్ తప్పు చెప్పేటప్పుడు కూడా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెప్తుంది. గొంతు తడబడదు, నీళ్ళు నమలదు. కాబట్టి చెప్పే తీరు చూసి తేల్చుకోలేం. లెక్కల్లో మన అదృష్టం, వచ్చిన జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూసుకోవచ్చు. పైన 6 గంటలు, 5 గంటలు అని చూశామే, అదే. ఆ వరుస లేని లెక్కను నేనైతే పూర్తయినట్టు ఒప్పుకోను.

దానికి ఇంకో గుణం ఉంది, మొహమాటం. పిల్లవాడు "జవాబు 40 కదా?" అని గట్టిగా అంటే, ఒక్కోసారి క్షమించమని చెప్పి 40కే ఒప్పుకుంటుంది. ఇది పిల్లలకు చెప్పడం కాదు, చూపించాలి. ఒక ఆదివారం పక్కన కూర్చుని, కరెక్టుగా చేసిన లెక్కకు కావాలని తప్పు జవాబు వాదించమనండి. అది ఒప్పుకుంటే పిల్లలకు గొప్ప తమాషా, ఆ తర్వాత దాని మాటను వేదవాక్యంలా తీసుకోరు. ఒప్పుకోకుండా నిలబడితే, ఎందుకు తప్పో వివరించమని చదివించండి. ఎటైనా నష్టం లేదు.

సైన్సు, సోషల్‌లో తిరిగి లెక్కలో పెట్టి చూసుకునే వీలు లేదు. అక్కడ ఒక్కటే నియమం: చాట్‌బాట్ చెప్పిన సంవత్సరం, పేరు, నిర్వచనం పాఠ్యపుస్తకంలో ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో పక్కన రాయాలి. పేజీ నంబరు దొరకని సంగతి జవాబులోకి రాకూడదు. పటాలు, మ్యాప్ పాయింటింగ్, జ్యామితి నిర్మాణాలకు మాత్రం నా సలహా అడిగితే, దాన్ని అసలు కదిలించకండి. స్కేలూ వృత్తలేఖినీ పట్టుకున్న చేతికే అవి వస్తాయి.

తెలుగు వ్యాసం, ఇంగ్లీషు లేఖ, ప్రాజెక్టు పనుల గురించి భాషల టీచర్లు విడిగా చెప్తామన్నారు కాబట్టి నేను పొడిగించలేదు. ఒక్కటే అన్నాను: ముందు పిల్లలు రాయాలి, తర్వాత "ఇందులో రెండు తప్పులు చూపించు, తిరగరాయకు" అని అడగాలి. "బాగుచేసి ఇవ్వు" అని అడిగారో, వచ్చేది వాళ్ళ వ్యాసం కాదు. మా ఊరి చెరువు మీద ప్రాజెక్టు రాయమంటే ఒకరు నాలుగు పేజీలు తెచ్చారు. అందులో చెరువు పేరు లేదు, తూము లేదు, ఆయకట్టు లేదు. భూమ్మీద ఏ చెరువుకైనా సరిపోయేలా ఉంది.

ఫోన్ కింద పెట్టాక

మీరు ఒక్క మెట్టే అమలుచేయగలిగితే ఇది చేయండి. మిగతావన్నీ వదిలేసినా ఫర్వాలేదు.

సూచన తీసుకుని లెక్క పూర్తయింది. ఇప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టాలి, లేదా మీ చేతికి ఇవ్వాలి. నోట్‌బుక్ మూసేయాలి. ఒక తెల్లకాగితం మీద అదే లెక్క మొదటినుంచి మళ్ళీ చేయాలి. మధ్యలో ఆగిపోతే, ఆగిన చోట ఒక గీత గీసి, అప్పుడు నోట్‌బుక్ తెరిచి చూసి, మళ్ళీ మూసి, ఇంకో కాగితం తీసుకోవాలి. విసుగ్గా ఉంటుంది. కానీ చూసినప్పుడు అర్థమవడం వేరు, చూడకుండా చేయడం వేరు. ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో ఈ కాగితమే చెప్తుంది.

మర్నాడు పొద్దున అంకెలు మార్చిన లెక్క ఇంకొకటి చేయాలి. పై లెక్కకు తమ్ముడు లాంటిది ఒకటి ఇస్తున్నాను: దూరం 240 కిలోమీటర్లు, వేగం 20 ఎక్కువైతే గంట ముందు చేరుతుంది. జవాబు 60. సరిచూడండి: 60 వేగంతో 4 గంటలు, 80 వేగంతో 3 గంటలు. ఇలాంటి లెక్కలు తయారుచేసి ఇవ్వమని చాట్‌బాట్‌నే అడగొచ్చు, దాన్ని వాడుకోవడానికి ఇది మంచి చోటు. కాకపోతే ఒక్కోసారి అది ఇచ్చిన అంకెలు కుదరవు, వేగం 47.3 లాంటి సంఖ్య వస్తుంది. పిల్లవాడు తన తప్పనుకుని గంటసేపు కొట్టుకుంటాడు. అలా వస్తే ఇంకో లెక్క అడగమనండి, లేదా పుస్తకంలో అభ్యాసం నుంచి చేయమనండి.

చదువు రాని అమ్మానాన్నలు ఏం చూడాలి

వెనక వరుసలో కూర్చున్న ఒకామె లేచి అడిగింది: "మాకు సదువు రాదు మేడం. నేను బీడీలు చేస్త. వాడు రాసింది తప్పో ఒప్పో నాకెట్ల ఎరుక?" ఆ రోజు అందరిలోకీ మంచి ప్రశ్న అదే. ఆమెకు చెప్పింది ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే డిగ్రీలు చదివిన తల్లిదండ్రులకు కూడా ఇది పనికొస్తుంది.

తప్పొప్పులు మీరు చూడక్కర్లేదు. మీ పని వినడం. బీడీలు చేసుకుంటూనే వినొచ్చు. పిల్లవాణ్ణి ఫోన్ లేకుండా, తెల్లకాగితంతో ఎదురుగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. x అంటే ఏంటి? ఈ వరుస ఎక్కడినుంచి వచ్చింది? ఈ జవాబు సరైనదని నీకెట్లా తెలుసు?

తెలిసినవాడు "x అంటే బస్సు స్పీడమ్మా" అంటాడు. బస్సు, స్పీడు, గంట, ఇవన్నీ మీకు తెలిసిన మాటలే. తెలియనివాడు కాగితం మీదున్న గుర్తులే తిరిగి చదువుతాడు, లేదా "నీకు చెప్పినా అర్థం కాదులే" అంటాడు. ఆ మాట వినపడితే, అర్థం కానిది మీకు కాదు. ఆ లెక్క పక్కన ఒక చుక్క పెట్టి పంపించండి, నేను చూసుకుంటాను.

ఇంకోటి ఫోన్‌లో చూడాలి. వారానికోసారి, ఆదివారం రాత్రి, పిల్లల్ని పక్కన పెట్టుకునే, ఆ చాట్ తెరిచి పైకి కిందికి జరపండి. చదవక్కర్లేదు, బొమ్మలా చూడండి. పిల్లలు పంపిన మాటలు ఒక పక్క, వచ్చిన జవాబులు ఇంకో పక్క ఉంటాయి. పిల్లల వైపు ఒక ఫోటో, అవతల వైపు మూరెడు జవాబు, మళ్ళీ ఫోటో, మళ్ళీ మూరెడు జవాబు. ఇలా ఉంటే ఎక్కిస్తున్నట్టే. రెండు పక్కలా దాదాపు సమానంగా, చిన్న చిన్న ముక్కలుగా ఉంటే మాట్లాడుతున్నట్టు, అంటే పని చేస్తున్నట్టు. చాట్ మొత్తం ఖాళీగా ఉంటే రెండు అర్థాలున్నాయి: వాడలేదు, లేదా తుడిచేశారు. తుడిచేయకూడదన్నది ముందే ఒప్పందంగా పెట్టుకోండి. దొంగచాటుగా మాత్రం చూడకండి. దొంగచాటుగా చూస్తే వాళ్ళూ దొంగచాటుగానే వాడతారు.

"మీ దగ్గర పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?" అని ఇంకొకరు అడిగారు. చాట్‌జీపీటీ తయారుచేసిన సంస్థే అలాంటిది ఒకటి పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జూలైలో తీసేసింది. అలాంటివాటిని నమ్మి సొంతంగా రాసిన పిల్లవాణ్ణి దొంగ అనడం నాకు చేతకాదు. నేను చేసేది పాత పద్ధతే. నోట్‌బుక్ చూసి, ఒక లెక్కకు అంకె మార్చి, బోర్డు దగ్గరికి పిలుస్తాను. పాఠంలో నేను చెప్పని పద్ధతి కనిపిస్తే మాత్రం ముందు వాళ్ళనే పిలుస్తాను. పదో తరగతి నోట్‌బుక్‌లో ఇంటర్ కలనగణితం కనిపిస్తే అన్నో అక్కో చెప్పి ఉండాలి, లేదా ఇదే.

వయసు, ఫోన్, టైము

చిన్నవాళ్ళ గురించి కూడా అడిగారు. చాట్‌జీపీటీ నియమాల ప్రకారమే 13 ఏళ్ళ లోపు పిల్లలు వాడకూడదు, 18 లోపు వాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు నేనైతే ఇవ్వను. భిన్నాలు, గుణకారాలు చేతికి పట్టుబడాల్సిన వయసు అది, సూచన అడిగేంత సంగతి అక్కడ ఉండదు.

ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అదీ నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతే? చాలామంది ఇళ్ళలో పరిస్థితి ఇదే. దీనికి బెంగపడొద్దు. సాయంత్రమంతా నోట్‌బుక్‌తో చేసి, ఇరుక్కున్న వాక్యాలన్నీ ఒకచోట రాసి పెట్టుకుని, ఫోన్ ఇంటికొచ్చాక అరగంటలో అన్నీ అడిగేయొచ్చు. నిజానికి ఫోన్ రాత్రి ఎనిమిదికి మాత్రమే దొరికే ఇళ్ళ పిల్లలే మా క్లాసులో ఈ పద్ధతికి త్వరగా అలవాటుపడ్డారు. వాళ్ళకు పావుగంట నియమం పెట్టే పనే లేదు.

వచ్చే సోమవారం అందరూ నోట్‌బుక్‌లు పంపండి. ఈసారి జవాబులకు మార్కులు వేయడం లేదు. "ఎక్కడ ఇరుక్కున్నాను" అన్న వాక్యం ఏ లెక్కల కింద ఉందో అవే చూస్తాను, ఎక్కువమంది ఒకేచోట ఇరుక్కుని ఉంటే మంగళవారం ఆ వరుసనే మళ్ళీ చెప్తాను. కొట్టివేతలు ఉన్న పేజీలు చింపేసి శుభ్రంగా తిరగరాయించకండి. నాకు కావలసింది ఆ పేజీలే.